పరీక్ష నోట్స్‌లో ‘సంప్రదాయం’ అన్న మాట

సుధ: ఎల్లుండి ఎమ్మే హిస్టరీ పరీక్ష. పదహారో శతాబ్దంలో మత సంస్కర్త లూథర్‌కీ, రోమ్‌కీ, అంటే కాథలిక్ చర్చికీ, విశ్వాసానికి ఆధారం ఏదన్న దాని మీద వచ్చిన గొడవ గురించి నోట్స్‌లో ఇలా రాసుకున్నాను: “లూథర్ – లేఖనం మాత్రమే. రోమ్ – లేఖనం, సంప్రదాయం.” ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయాను. అది సరిపోతుందా?

రమణ: భేషుగ్గా సరిపోతుంది. లూథర్ సంప్రదాయాలన్నీ అవతల పారేశాడు. ‘మాత్రమే’ అంటే అదేగా!

ప్రభాకర్: అన్నీ కాదండీ. 1521లో జర్మనీలోని వర్మ్స్‌లో చక్రవర్తి ముందు జరిగిన సభలో ఆయన వాదన ఇది: పోపులూ చర్చి సభలూ పొరబడ్డారు, కాబట్టి లేఖనంతోనో స్పష్టమైన తర్కంతోనో ఒప్పిస్తే తప్ప నా మాట వెనక్కి తీసుకోను. అంతేగానీ పాత విశ్వాస ప్రమాణాలూ, పసిపిల్లల బాప్తిస్మమూ ఆయన వదల్లేదు. ఆ బాప్తిస్మం బైబిల్లో ఎక్కడుందని 1525లో జ్యూరిక్‌లో కొందరు అడిగి, పెద్దయ్యాక మళ్ళీ తీసుకున్నారు. వాళ్ళని కాదన్న అక్కడి సంస్కర్త జ్వింగ్లీ కూడా ‘లేఖనం మాత్రమే’ అనేవాడే. సుధా, ‘మాత్రమే’ పక్కన ‘చివరి తీర్పు లేఖనానిది’ అని రాసుకో.

మేరీ: మేం ఆర్‌సీఎం, మా అత్తగారు వాళ్ళు లూథరన్లు. పెళ్ళిలో తాళి దగ్గర పెద్ద గొడవైంది. సంప్రదాయం అంటే ఇదే కదా?

ప్రభాకర్: తాళి మన ఊరి ఆచారం మేరీ గారూ. రోమ్ చెప్పింది అపొస్తలుల, అంటే యేసు పంపిన తొలి బోధకుల, నోటి నుంచి వచ్చిన ఉపదేశం గురించి. ‘సంప్రదాయం’ అనగానే మనకి తాళి గుర్తొస్తుంది చూశారా, చిక్కంతా అక్కడే. మా ఇంట్లోని పాత తెలుగు బైబిల్లో మత్తయి 15:3 దగ్గర ‘పారంపర్యాచారము’ అని ఉంది, అక్కడ యేసు మందలిస్తున్నాడు. 2 థెస్సలొనీక 2:15లో ‘విధులను చేపట్టుడి’ అని పౌలు చెబుతున్నాడు. గ్రీకులో రెండుచోట్లా ఒకటే మాట, పరాదోసిస్. రోమ్ పక్షం చూపించే వచనం రెండోది. తెలుగులో చదివేవాళ్ళకి ఆ రెండూ ఒకటే మాటని తట్టే దారే లేదు.

రమణ: సరే, మరి రోమ్ ప్రకారం సగం బైబిల్లో, సగం బయట. అంతేనా?

ప్రభాకర్: లూథర్ వాదానికి జవాబుగా కాథలిక్ చర్చి జరిపిన ట్రెంట్ సభ చిత్తుప్రతిలో దాదాపు అలాగే ఉంది, ‘కొంత రాతలో, కొంత రాయనిదానిలో’ అని. బొనూచీ అనే ఆయన దానికి అడ్డుచెప్పాడు. 1546 ఏప్రిల్ 8న ఆమోదించిన పాఠంలో ఆ ‘కొంత, కొంత’ పోయి ‘రాసిన పుస్తకాల్లోనూ, రాయని సంప్రదాయాల్లోనూ’ అని మిగిలింది. మన ‘లోనూ… లోనూ’ లాగే అది సత్యాన్ని రెండుగా పంచినట్టో, ఒకటే రెండుచోట్లా ఉన్నట్టో తేల్చి చెప్పదు. పండితులు ఇప్పటికీ దాని మీద కొట్టుకుంటున్నారు.

రమణ: మాట మార్చినంత మాత్రాన అభిప్రాయం మారిందంటారా? నాకు నమ్మకం లేదు.

సుధ: అయితే ‘ఉపదేశ పరంపర’ అని రాయనా?

మేరీ: దిద్దేవాళ్ళు గురుపరంపర అనుకుని మార్కులు కోస్తే? మొదటిసారి ‘సంప్రదాయం, అంటే అపొస్తలుల నుంచి అందినది’ అని రాసెయ్యమ్మా. తాళి ఊసు మాత్రం ఎత్తకు.