స్ప్రైట్లన్నీ ఒకే అట్లాస్‌లో పేర్చి 8×8 బ్లాకులతో కుదించడం సరైనదేనా?

కొత్తఆట: మా 2డి ఆటలో 340 స్ప్రైట్లు, అంటే విడివిడి బొమ్మలు ఉన్నాయి. పీఎన్‌జీ ఫైళ్లన్నీ కలిపినా 9 ఎంబీ దాటవు, కానీ ఫోన్‌లో ఆట నడిచేటప్పుడు టెక్స్చర్లకే 60 ఎంబీ పోతోంది. అన్నిటినీ అట్లాస్ అనే ఒకే పెద్ద 4096×4096 బొమ్మలో పేర్చి, బ్లాకులుగా కుదించే ఏఎస్‌టీసీ ఫార్మాట్‌లో 8×8 బ్లాకులతో కుదిస్తే 4 ఎంబీకి దిగుతుందని నేనంటున్నాను. మా చిత్రకారిణి ఒప్పుకోవడం లేదు. కెమెరా దూరం జరుగుతుంది కనుక మిప్‌మ్యాప్‌లు, అంటే అదే బొమ్మకు చిన్న కొలతల ప్రతులు కూడా కావాలి. ఎవరిది సరి?

చిన్నదారి: మీ లెక్క సరిగ్గానే ఉంది. ఏఎస్‌టీసీలో ఏ కొలత బ్లాకయినా 16 బైట్లే, కాబట్టి 8×8లో పిక్సెల్‌కు 2 బిట్లు పడతాయి. టెక్స్చర్ ఒక్కటే అయితే స్ప్రైట్లు ఏ వరుసలో వచ్చినా డ్రా కాల్, అంటే జీపీయూకి ఇచ్చే గీసే ఆదేశం తెగదు. అంచుల్లో పక్క బొమ్మ రంగు కారుతుందని భయపడనక్కరలేదు, మధ్యలో 2 పిక్సెళ్ల ఖాళీ ఇస్తే సరిపోతుంది. దానికంటే ముందు పీఎన్‌జీలను 256 రంగులకు తగ్గించండి, సగం మెమరీ అక్కడే మిగులుతుంది.

బొమ్మలపెట్టె: బ్లాకు లెక్క, డ్రా కాల్ మాట రెండూ నిజమే. పీఎన్‌జీ సంగతి మాత్రం పొరపాటు. పీఎన్‌జీ కుదింపు డిస్కు మీద ఉన్నంతవరకే పనిచేస్తుంది. లోడ్ చేసేటప్పుడు దాన్ని విప్పి, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున జీపీయూకి అందిస్తారు. అందుకే 9 ఎంబీ ఫైళ్లు మెమరీలో 60 ఎంబీ అవుతున్నాయి. రంగులు తగ్గిస్తే డౌన్‌లోడ్ చిన్నదవుతుందే గాని, ఈ 60లో ఒక్క బైటు కూడా తగ్గదు. ఏఎస్‌టీసీ విషయం వేరు, అది జీపీయూ మెమరీలో కూడా కుదించిన రూపంలోనే ఉంటుంది, పిక్సెళ్ల రంగు తేల్చే షేడర్ ప్రోగ్రామ్ చదివేటప్పుడు మాత్రమే విప్పబడుతుంది. ఒక్కో పిక్సెల్‌కు తక్కువ బైట్లు లాగవలసి రావడం వల్ల వేగం కూడా కొంత పెరుగుతుంది.

ఇక 2 పిక్సెళ్ల ఖాళీ గురించి. 4×4 బ్లాకులే తీసుకుందాం. ఒక ఆకుపచ్చ ఆకు బొమ్మ 100వ నిలువు వరుసతో ముగిసిందనుకోండి. 101, 102 ఖాళీగా వదిలి, ఎర్రని బిళ్ల 103 నుంచి మొదలైందనుకోండి. సున్నా నుంచి లెక్కపెడితే 100 నుంచి 103 వరకు ఉన్న నాలుగు వరుసలూ ఒకే బ్లాకులో పడతాయి. ఆ బ్లాకు సాధారణంగా రెండు చివరి రంగులను దాచుకొని, మిగతా పిక్సెళ్లను వాటి మధ్య ఎక్కడో ఒకచోట నిలబెడుతుంది. చివరలు ఆకుపచ్చ, ఎరుపు అయితే మధ్యలో వచ్చేవన్నీ మట్టి రంగులే. ఏఎస్‌టీసీ బ్లాకును భాగాలుగా విడదీసి ఒక్కో భాగానికి వేరే రంగుల జత ఇవ్వగలదు, నిజమే, కానీ దానికి కావలసిన బిట్లు కూడా బ్లాకుకున్న ఆ 16 బైట్లలోంచే, అంటే 128 బిట్లలోంచే తీయాలి. కాబట్టి ఖాళీ ఎంత అన్నదానికంటే స్ప్రైట్ ఎక్కడ మొదలవుతుందన్నది ముఖ్యం. ప్రతి స్ప్రైట్‌కూ బ్లాకు హద్దు దగ్గర చోటివ్వాలి. ఖాళీని కూడా ఖాళీగా వదలకుండా, అంచు పిక్సెళ్లనే బయటికి సాగదీసి నింపాలి.

మిప్‌మ్యాప్‌లు వస్తే ఇది ఇంకా బిగుసుకుంటుంది. రెండో మిప్ స్థాయిలో బొమ్మ నాలుగో వంతు కొలతకు తగ్గుతుంది కనుక, అక్కడి 4×4 బ్లాకు అసలు బొమ్మలో 16 పిక్సెళ్ల వెడల్పును కప్పుతుంది. 6×6 అయితే 24, 8×8 అయితే 32. రెండు స్థాయిల వరకూ శుభ్రంగా ఉండాలంటే స్ప్రైట్లను ఆ గుణిజాల దగ్గరే పేర్చి, అంతకంటే చిన్న మిప్‌లను తయారుచేయకుండా ఆపేయాలి. 20 పిక్సెళ్ల నాణెం బొమ్మకు 32 పిక్సెళ్ల గది ఇవ్వవలసి వస్తుందన్నమాట.

రంగులరాట్నం: నేను బొమ్మలు గీసేదాన్ని, ఆ చిత్రకారిణి పక్షాన ఒక మాట చెబుతాను. నేపథ్యంలోని కొండలు, మబ్బులు 8×8లో బాగానే నిలుస్తాయి. పాత్రల ముఖాలు నిలవవు. సన్నని నల్లటి గీతతో గీసిన కన్ను, పక్కనే చర్మం రంగు, దాని పక్కన పారదర్శకమైన అంచు, ఇవన్నీ 64 పిక్సెళ్ల బ్లాకులో ఇరుక్కుంటే కంటి చుట్టూ బూడిద మచ్చలు తేలుతాయి. ఫోన్‌లో పెట్టకముందే దీన్ని కళ్లతో చూడవచ్చు. కింది ఆదేశం బొమ్మను కుదించి, మళ్లీ విప్పి పీఎన్‌జీగా ఇస్తుంది. అసలు బొమ్మ మీద దీన్ని పరచి, 400 శాతం పెద్దది చేసి, కళ్లూ అక్షరాలూ మాత్రం చూడండి.

```
astcenc -ts atlas.png check.png 8x8 -thorough
```

నేలరాయి: మాది 3డి ఆట. గడ్డి, ఇసుక, రాయి, అన్నీ ఒకే అట్లాస్‌లో పెట్టాము. నేల మీద గడ్డి పదేపదే పరుచుకోవాలి కదా, అట్లాస్‌లో అది కుదరలేదు, ఒక గడ్డి ముక్క అయిపోగానే పక్కనున్న ఇసుక వచ్చేసింది. షేడర్‌లో సర్దితే మిప్‌ల దగ్గర అతుకులు కనబడ్డాయి. చివరికి టెక్స్చర్ అర్రేకి మారాము. అందులో ఒక్కో పొర విడివిడిగా ఉంటుంది కనుక రంగు కారడమనేదే లేదు. మీరూ అదే చేయవచ్చు కదా?

బొమ్మలపెట్టె: నేలకు అదే సరైన మార్గం. అయితే అర్రేలో పొరలన్నీ ఒకే కొలత, ఒకే ఫార్మాట్‌లో ఉండాలి. కొత్తఆట గారి 340 స్ప్రైట్లు తలో కొలతలో ఉంటాయి, చిన్న నాణెం కోసం పెద్ద పాత్రంత పొర కేటాయిస్తే మెమరీ ఆదా ఎక్కడిది? వారికి నా సలహా ఇది: పాత్రలను 4×4లో, నేపథ్యాన్ని 8×8లో, రెండు అట్లాస్‌లుగా విడదీయండి.

చిన్నదారి: పీఎన్‌జీ విషయంలో నా తప్పు ఒప్పుకుంటాను, కానీ ఈ విడదీయడం దగ్గర ఆగండి. పారదర్శక స్ప్రైట్లను వెనక నుంచి ముందుకు వరుసగా గీయాలి. ఒక చెట్టు, దాని ముందు శత్రువు, అతని ముందు మరో చెట్టు ఉంటే టెక్స్చర్ రెండుసార్లు మారుతుంది, బ్యాచ్ ప్రతిసారీ తెగుతుంది. అట్లాస్ పెట్టుకున్నదే ఇది జరగకుండా ఉండటానికి. కలిసి తెర మీదికి వచ్చేవి ఒకే అట్లాస్‌లో ఉండాలి, నాణ్యత ఆ తరువాతి మాట.

బొమ్మలపెట్టె: ఇది న్యాయమైన అభ్యంతరమే, ఆ వరుస సంగతి నేను చూసుకోలేదు. అలాగైతే ఆట మైదానమంతా ఒకే అట్లాస్‌లో 6×6లో పెట్టి చూడండి. 4096కి సుమారు 7 ఎంబీ, రెండు మిప్ స్థాయిలు కలిపితే 9 పైచిలుకు. ఏఎస్‌టీసీ లేని పాత ఫోన్ల సంగతి ముందే తేల్చుకోండి. కొన్ని ఇంజిన్లు అక్కడ చడీచప్పుడూ లేకుండా బొమ్మను పూర్తిగా విప్పేస్తాయి, మీ 7 ఎంబీ మళ్లీ 64 అవుతుంది. వాటికి ఈటీసీ2 అనే మరో కుదింపు ఫార్మాట్‌లో, పారదర్శకతను దాచే ఆల్ఫాతో సహా ఒక ప్రతిని వేరుగా ఇస్తే 16 ఎంబీ.

చిన్నదారి: రెండు ప్రతులు మోసే బదులు ఆ ఫోన్లను వదిలేయడమే మేలని నా అభిప్రాయం.

బొమ్మలపెట్టె: ఆడేవారిలో వారెంతమందో చూడకుండా ఆ మాట అనలేము.

కొత్తఆట: నాలుగు రోజులు కూర్చుని రెండు విధాలా చేసి చూశాను. అట్లాస్‌ను రెండుగా విడదీసినప్పుడు చెట్లు దట్టంగా ఉన్న అంకంలో డ్రా కాల్స్ 11 నుంచి 70కి ఎగబాకాయి. మళ్లీ ఒకటిగా కలిపి 6×6 చేస్తే 12కి దిగాయి, ముఖాలు కూడా చిత్రకారిణి సరేనన్నంత శుభ్రంగా ఉన్నాయి. అక్షరాలూ బటన్లూ ఉన్న మెనూ బొమ్మలను 1024 అట్లాస్‌గా కుదించకుండానే ఉంచాము, దానికి 4 ఎంబీ. చిక్కల్లా పేర్పు దగ్గర వచ్చింది. పారదర్శక అంచులు కత్తిరించినా, 24 గుణిజాల వల్ల చోటు వృథా అయి 17 స్ప్రైట్లు బయట మిగిలిపోయాయి. వాటిలో ఎక్కువ చిన్న నాణేలు, నిప్పురవ్వలు. వీటికి మిప్‌లు మానేసి వేరే చిన్న అట్లాస్ ఇవ్వాలా, లేక కొండలనే సగం కొలతకు తగ్గించి చోటు చేయాలా అన్నదాని మీద మా ఇద్దరికీ ఇంకా పడటం లేదు.