అలర్ట్‌లో ‘లోడ్ ఫెయిల్ అయింది’ అనడం సరైనదేనా?

సుజాత: మా డెయిరీలో పాల సేకరణ వివరాలు రోజూ రాత్రి టేబుల్‌లోకి ఎక్కుతాయి. ఎక్కాక వరుసలు ఎన్ని వచ్చాయి, వెన్న శాతం కాలమ్‌లో ఖాళీలు ఎన్ని ఉన్నాయి అని చెక్‌లు నడుస్తాయి. తేడా వస్తే రన్ అక్కడే ఆగిపోతుంది, ఫైళ్లు పంపే ఆపరేటర్‌కు ‘పాల డేటా లోడ్ ఫెయిల్ అయింది’ అని మెసేజ్ వెళ్తుంది. ఈ వాక్యాన్ని మంచి తెలుగులోకి మార్చాలి. ‘విఫలమైంది’ అంటే బాగుంటుందా?

రామ్మోహన్: ‘విఫలమైంది’ వార్తల భాష. మనకు ‘పరీక్ష తప్పాడు’ అనే చక్కని మాట ఉండగా అదెందుకు? ‘పాల డేటా తప్పింది’ అనండి.

నాగమణి: ‘తప్పింది’ అంటే ప్రమాదం తప్పింది అనుకుని మళ్లీ పడుకుంటాడు మాస్టారూ :)

శ్రీధర్: మాట సంగతి తర్వాత. అసలు ఫెయిలైంది లోడ్ కాదు కదా! లోడ్ అయిపోయింది, వరుసలు టేబుల్‌లో కూర్చున్నాయి. ఫెయిలైంది ఆ తర్వాతి చెక్. సుజాత గారూ, ఆ మెసేజ్ చూసి ఆపరేటర్ ఏం చేస్తాడు?

సుజాత: మళ్లీ పంపుతాడు. మొన్న అదే జరిగింది. మామూలుగా రోజుకు 40,000 వరుసలు: ఉదయం పూటవి 22,000, సాయంత్రానివి 18,000. ఆ రోజు సాయంత్రం ఫైలు రాలేదు. 22,000 దగ్గర చెక్ ఆపింది, సరిగ్గానే ఆపింది. తను పంపింది అందలేదనుకుని ఆపరేటర్ ఉదయం ఫైలే మళ్లీ పంపాడు. రెండోసారి రన్ పచ్చగా వచ్చింది.

శ్రీధర్: వస్తుంది మరి. మీ లోడ్ ఉన్నదాన్ని తీసేసి రాయదు, కింద చేరుస్తూ పోతుంది. 22,000 రెండుసార్లు ఎక్కితే 44,000. మామూలు కంటే 10% ఎక్కువ, అంతే. మీ హద్దు ఎంత?

సుజాత: అటూ ఇటూ 20%.

కిరణ్: సింపుల్. హద్దు 5% చేసేయండి, దొరికిపోతుంది.

శ్రీధర్: ఆ రోజుకు దొరుకుతుంది, కాదనను. వానకు నాలుగు ఊళ్ల దారులు తెగిన రోజున కూడా మోగుతుంది. పది రోజులు ఊరికే మోగితే పదకొండో రోజు ఎవరూ చూడరు. ఇక్కడ అడగాల్సింది శాతం కాదు. ఒకే రైతు, ఒకే తేదీ, ఒకే పూట రెండుసార్లు ఉందా? రెండు పూటలూ వచ్చాయా? ఈ రెండూ అడిగితే వాన పడినా గోల ఉండదు. ఖాళీల చెక్ మొత్తం మీద పెట్టారా, కేంద్రాల వారీగానా?

సుజాత: మొత్తం మీదే. 2% దాటితే ఆపుతుంది.

శ్రీధర్: 80 కేంద్రాలైతే సగటున కేంద్రానికి 500 వరుసలు. ఒక కేంద్రంలో మిషన్ పాడై వెన్న శాతం ఒక్కటీ రాకపోయినా మొత్తంలో అది 1.25%. మీ చెక్ ఊరుకుంటుంది, ఆ ఊళ్లో రైతులకు మాత్రం బిల్లు తేలదు. ఇలా విడదీయండి:

```sql
SELECT centre_id, COUNT(*), COUNT(fat)
FROM milk_stage
WHERE collect_date = :run_date
GROUP BY centre_id
HAVING COUNT(fat) < 0.95 * COUNT(*);
```

`COUNT(fat)` ఖాళీలను లెక్కపెట్టదు, పని అక్కడే జరుగుతోంది. ఒక్క వరుస కూడా పంపని కేంద్రం మాత్రం ఇందులో కనిపించదు. గ్రూప్ అవ్వడానికి వరుసే లేదు కదా. దానికి కేంద్రాల జాబితాతో విడిగా పోల్చాలి.

నాగమణి: మా ఆఫీసులో జీతాల షీటు కూడా ప్రతినెలా ఇలాగే ఆగుతుంది. దానికీ ఈ కోడ్ పనికొస్తుందా?

శ్రీధర్: మీది ఎందుకు ఆగుతోందో ముందు తెలియాలండీ.

రామ్మోహన్: నాకు కోడ్ తెలియదు గానీ వాక్యం తెలిసింది. ఏం అందింది, ఏం రాలేదు, ఏం చెయ్యకూడదు అని చెప్పాలి. ‘ఉదయం పూట వివరాలు అందాయి, మళ్లీ పంపకండి. సాయంత్రానివి రాలేదు, అవి పంపండి. అప్పటిదాకా బిల్లుల లెక్క ఆపాం.’ ఇందులో ఫెయిలూ లేదు, తప్పడమూ లేదు.

కిరణ్: ‘నిలిపివేయబడింది’ అంటే అఫీషియల్‌గా ఉంటుందేమో?

రామ్మోహన్: ఎవరు నిలిపారో దాచడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదు.

సుజాత: మాస్టారి వాక్యమే పెడుతున్నాను. కానీ బిల్లులు నిజంగా ఆగుతున్నాయా? మా చెక్ నడిచేది అసలు టేబుల్ మీదే. రన్ ఆగినా వరుసలు అందులోనే ఉంటాయి, ఎవరైనా రిపోర్ట్ తీస్తే ఆ సగం లెక్కే వస్తుంది.

శ్రీధర్: అయితే ‘ఆపాం’ అనేది అబద్ధం అవుతుంది. ముందు విడి టేబుల్‌లో దించి, అక్కడ చెక్ పాసయ్యాకే అసలు టేబుల్‌లోకి పంపండి. నా కోడ్‌లో `milk_stage` అన్నది అందుకే.

లక్ష్మి: పాల కేంద్రంలో పనిచేశాను, ఒక మాట. మా మిషన్ కొలవలేకపోతే వెన్న దగ్గర ఖాళీ వదిలేది కాదు, 0.0 అని వేసేది.

సుజాత: అమ్మో. అవి ఎన్నున్నాయో ఇప్పుడే చూస్తాను.