లాంగ్ సిక్ లీవ్ నుంచి వచ్చిన మనిషికి పని మెల్లగా పెంచాలా, మొదటిరోజే పూర్తి డ్యూటీనా?

ఏర్పేడు లైన్
మా ప్లాంట్‌లో ఒకమ్మాయి సర్క్యూట్ బోర్డులను లెన్స్ కింద పెట్టి చెక్ చేస్తుంది. టీబీ వచ్చి నాలుగు నెలలు ఈఎస్ఐ లీవ్‌లో ఉంది, సోమవారం వస్తోంది. డాక్టర్ ఫిట్ అని రాసి, కొన్నాళ్లు తేలిక పని ఇవ్వమన్నారు. హెచ్ఆర్ వాళ్లేమో ఫిట్ అయితే పూర్తి పని చేయాలి, లేకపోతే ఇంకో నెల ఇంట్లో ఉండమనండి అంటున్నారు. నేను సగం పూటతో మొదలుపెట్టి పెంచుదామంటే లైన్‌లో మిగతావాళ్లు ఇప్పుడే గొణుగుతున్నారు. ఎవరిది కరెక్ట్?

చంద్రగిరి కుర్రోడు
హెచ్ఆర్‌దే కరెక్ట్ అన్నా. ఒకరికి ఇస్తే రేపు నడుం నొప్పని పది మంది వస్తారు. నీకు అంత జాలి ఉంటే సగం పూట చేయించు, మిగతా సగం పూట డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది, కంపెనీకి పోయేదేం లేదు. కానీ టీబీ మనిషిని ఏసీ హాల్లో అందరి మధ్య కూర్చోబెట్టడం మాత్రం ఒకసారి ఆలోచించు.

పీలేరు మేడం
ధైర్యంగా ఉండు నాయనా, నీకేం కాదు. మా తాతను మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో నెలల తరబడి ఉంచారట, ఇప్పుడు ఇంట్లోనే ఉండి మాత్రలు మింగితే పోతోంది. గుడ్డు, పాలు మానొద్దు, మాత్ర ఒక్కరోజు కూడా తప్పించొద్దు.

ఏర్పేడు లైన్
మేడం, జబ్బు నాకు కాదండీ, మా లైన్‌లో అమ్మాయికి.

పాత హెచ్ఆర్
ముందు పోస్టులో ఆ జబ్బు పేరు తీసేయండి సార్. ఏర్పేడు, బోర్డులు, నాలుగు నెలలు అని ముక్కలు కలిపితే మీ ప్లాంట్‌లో ఎవరికైనా ఆ పిల్ల ఎవరో తెలిసిపోతుంది. లైన్‌కు తెలియాల్సింది ఏ పని చేస్తుంది, ఏది చేయదు, ఎప్పటివరకు అన్నదే.

కుర్రోడికి రెండు మాటలు. మందులు పనిచేస్తున్న మామూలు టీబీలో రెండు మూడు వారాలకే ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. నాలుగు నెలలు మందులు వాడి, డాక్టర్ ఫిట్ అన్న మనిషి వల్ల భయం లేదు. ఇక ఈఎస్ఐ సగం పూటకు డబ్బివ్వదు. పనిచేసి జీతం తీసుకున్న రోజుకు సిక్‌నెస్ బెనిఫిట్ ఉండదు, ఫిట్ సర్టిఫికెట్ ఇచ్చాక అసలే ఆగిపోతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. టీబీ దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది కాబట్టి, అర్హత ఉన్నవాళ్లకు 91 రోజులు దాటాక కూడా జీతంలో 80 శాతం వస్తుంది. ఇప్పుడు సగం పూటకు సగం జీతమే ఇస్తే, ఇంట్లో పడుకున్నప్పటి కంటే తక్కువ వస్తుంది. ఆ లెక్క చూసుకుని ఆ పిల్ల మొదటిరోజే "నాకేం లేదు సార్, పూర్తిగా చేస్తా" అంటుంది. మీరు మెచ్చుకుంటారు, రెండో వారంలో మళ్లీ మంచమెక్కుతుంది.

అందుకే గంటలు తగ్గించొద్దు, పని తగ్గించండి. ఇంకో కారణం కూడా ఉంది, మీ కంపెనీ బస్సులు షిఫ్ట్ టైముకే కదా తిరిగేది? పొద్దున పదకొండుకు వదిలేస్తే ఏ ఊరి పిల్లైనా ఎండలో షేర్ ఆటో కోసం నిలబడాలి. అది తేలిక పనా?

ఏర్పేడు లైన్
పేరు తీసేయడానికి ఎడిట్ రావడం లేదు, మోడరేటర్‌కు చెప్పాను. బస్సు సంగతి నిజమే, నేను ఆలోచించలేదు. కానీ పని తగ్గించడమంటే ఏం చేయాలండీ? కన్వేయర్ ఆగదు కదా.

టూల్‌రూమ్ మామ
నేను పక్కన కూర్చునేవాడి తరఫున చెబుతా, కోపం తెచ్చుకోవద్దండి. మా లైన్‌లో ఆపరేషన్ అయినవాడొకడు వచ్చాడు, పాపం మంచోడే. వాడు సగం చేస్తే మిగిలిన సగం మేమే లాగాం, టార్గెట్ మాత్రం మనిషి తలకే వేశారు. మాకు కోపం వాడిమీద లేదు, కానీ సాయంత్రానికి తిట్టింది మాత్రం వాడినే.

పాత హెచ్ఆర్
మామ చెప్పిందే అసలు విషయం. గొణుగుడు ఆ పిల్లమీద కాదు సార్, టార్గెట్ మీద. మొదటి రెండు వారాలు ఆమెను లైన్ మనిషిగా లెక్కలో వేయొద్దు, అదనపు మనిషిగా రాయండి. మూడు, నాలుగు వారాలు సగం మనిషి. ఐదో వారం నుంచి పూర్తి లెక్క. ఇది మేనేజర్ సంతకంతో కాగితం మీద ఉండాలి. నోటిమాటగా ఉంటే ప్రొడక్షన్ బిగిసిన రోజు మీరే మర్చిపోతారు.

మొదట కన్వేయర్ వేగానికి కట్టుబడని పని ఇవ్వండి. రీవర్క్‌కు వచ్చిన బోర్డుల ట్రే దగ్గర కూర్చోబెట్టండి, తన వేగానికి తను చూసుకుంటుంది. ఊరికే రిజిస్టర్లు రాయించి మూలన కూర్చోబెడితే అది పనికాదు, అందరికీ చులకనైపోతుంది. ఓవర్‌టైమ్ అసలొద్దు, నైట్ షిఫ్ట్ అన్నిటికన్నా చివర.

వారానికోసారి పది, పదిహేను నిమిషాలు మాట్లాడండి, లైన్ మీద అందరూ వింటుండగా కాదు. "ఎలా ఉంది అమ్మా" అంటే "బాగుంది సార్" అంటుంది, అక్కడితో అయిపోతుంది. ఏ గంట దాటాక చేయి బరువెక్కుతోంది, భోజనానికి ముందు చూసిన ట్రేలు ఎన్ని, తర్వాతవి ఎన్ని అని అడగండి. అలసట మాటల్లో కంటే షిఫ్ట్ చివరి రెండు గంటల్లో జారిపోయిన లోపాల్లో ముందు కనబడుతుంది. గురువారానికి ట్రేల లెక్క పడిపోతే ఆ వారం మెట్టు మీదే ఇంకో వారం ఉంచండి, వెనక్కి తోయొద్దు.

ఇంకో ముఖ్యమైన మాట, ఆమెది కంటితో చేసే పని. ఈ జబ్బుకిచ్చే మందుల్లో ఎథాంబుటాల్ కొందరికి చూపును దెబ్బతీస్తుంది, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకుండా పోవచ్చు. ఐసోనియాజిడ్ వల్ల కాళ్లు చేతులు తిమ్మిరెక్కడం ఉంటుంది. ఆమె ఏ మందు వాడుతోందో మీరు అడగక్కర్లేదు. "అక్షరాలు, రంగులు మునుపటిలా కనబడుతున్నాయా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా" అని అడగండి చాలు. తేడా ఉందంటే ఆరోజే డాక్టర్ దగ్గరికి పంపండి. లోపం దాటిపోయిందని మెమో ఇవ్వొద్దు.

చంద్రగిరి కుర్రోడు
సరే, అంటుకునేది, ఈఎస్ఐది నాకు తెలియలేదు, ఒప్పుకుంటా. కానీ నెలంతా సగం పనికి పూర్తి జీతమంటే మేనేజర్ సంతకం పెడతాడా? చిన్న యూనిట్లలో సంగతేంటి, పన్నెండు మంది ఉన్నచోట అదనపు మనిషి ఎక్కడి నుంచి వస్తాడు?

పాత హెచ్ఆర్
పన్నెండు మంది ఉన్నచోట కష్టమే, అక్కడ టార్గెట్ దించడం తప్ప నాకు ఇంకో దారి కనబడలేదు. ఓనర్ దించడు. పెద్ద ప్లాంట్‌లో మాత్రం పాత మనిషిని పోగొట్టుకుని, కొత్త పిల్లకు లెన్స్ పని మొదటి నుంచి నేర్పడానికి ఎంతవుతుందో లెక్కవేసి చూపిస్తే సంతకం పెట్టిన మేనేజర్లను చూశాను.

టూల్‌రూమ్ మామ
నైట్ షిఫ్ట్ అలవెన్స్ మాటేంటి? ఆమె నైట్ మానేస్తే ఆ వంతు ఇంకొకరి మీద పడుతుంది కదా.

ఏర్పేడు లైన్
అది నిన్ననే అడిగారు మామా. ఇద్దరు అలవెన్స్ కోసం తామే చేస్తామన్నారు, మూడో ఆయన మాత్రం వారానికి రెండు నైట్లు దాటితే ఒప్పుకోనన్నాడు. హెచ్ఆర్‌తో శనివారం కూర్చుంటున్నాను, కాగితం మీద ఐదు వారాలు రాసుకుని వెళ్తా. వాళ్లేమన్నారో ఇక్కడే చెబుతాను.