కంపెనీ భోజనం తింటే డాక్టరు రాసే మందు మారుతుందా?

వేణు: మందుల కంపెనీ పెట్టే ఒక్క పూట భోజనానికి, ఇచ్చే పెన్నుకి డాక్టరు మందు మార్చేస్తాడా? లంచం తప్పంటే ఒప్పుకుంటాను, భోజనం కూడా లంచమేనా?

డా. సుధాకర్: ఇరవై ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. నన్ను భోజనం పెట్టి కొనగలరా? మీటింగుకి వెళ్తాను, విన్నది పేషెంటుకి పనికొస్తేనే రాస్తాను.

లలిత: మా నాన్నగారికి బీపీ అదుపులోనే ఉంది. అయినా ఉన్నట్టుండి మందు మార్చారు. డాక్టరుగారి బల్లమీద గడియారం ఉంది, దానిమీద ఆ కొత్త మందు పేరే. ఎందుకు మార్చారని అడిగితే విసుక్కున్నారు.

డా. సుధాకర్: గడియారం ఉన్నంత మాత్రాన మందు తప్పయిపోదమ్మా. పాతదానికి కాళ్లవాపు వచ్చిందేమో.

లలిత: వాపు లేదండీ. రోజూ చూసేదాన్ని నేనే.

భాస్కరి: సుధాకర్ గారూ, 1992లో ‘చెస్ట్’ పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. మందుల కంపెనీలు ఖర్చులన్నీ పెట్టుకుని డాక్టర్లను రిసార్టుల్లో సదస్సులకు తీసుకెళ్లాయి. మామీద దీని ప్రభావం ఉండదని వెళ్లినవాళ్లలో ఎక్కువమంది అన్నారు. ఆ తర్వాత ఆసుపత్రి ఫార్మసీ లెక్కలు తీస్తే, ఒక మందు వాడకం సగటున 81 యూనిట్ల నుంచి 272కి పెరిగింది, రెండోది 34 నుంచి 87కి. వాళ్లు అబద్ధం చెప్పలేదు, తమలో వచ్చిన మార్పు తమకే తెలియలేదు.

డా. సుధాకర్: అది విహారయాత్ర. అడిగింది భోజనం సంగతి.

భాస్కరి: 2016లో అమెరికాలో వచ్చిన ఒక పరిశీలనలో భోజనాల లెక్కే చూశారు. చాలావరకు 20 డాలర్ల లోపువే. ఒక్కసారి తిన్నవాళ్లు కూడా ఆ కంపెనీ బ్రాండునే ఎక్కువ రాశారు. అయితే తిన్నందుకు రాశారా, ముందునుంచీ రాసేవాళ్లనే పిలిచారా అన్నది అందులో తేలలేదు.

మాజీ మెడికల్ రెప్: రెండూ జరుగుతాయి. మెడికల్ షాపుల్లో చీటీలు చూసి ఎవరిని పిలవాలో తేల్చుకునేవాళ్లం. మాది రాసేవారు చేజారకూడదు, పోటీ కంపెనీది రాసేవారు ఇటు తిరగాలి. భోజనం కేవలం కూర్చోబెట్టడానికే. తిన్నాక ఎవరూ మధ్యలో లేచిపోరు, మా మందు మంచి మాత్రమే చెప్పేవాళ్లం. వారం పోయాక మళ్లీ షాపుకెళ్లి చూసుకునేవాళ్లం.

డా. సుధాకర్: నేను రాసిన చీటీలు నాకు తెలియకుండా చూస్తారా? సిగ్గులేదా మీకు?

మాజీ మెడికల్ రెప్: సిగ్గుపడే మానేశాను సార్.

కిరణ్: అన్నీ ఆపేస్తే సరి.

డా. సుధాకర్: ఆపేయండి. కొత్త మందు గురించి నాకు చెప్పేదెవరు? నా బాధల్లా అదే. మీరంతా నన్ను దొంగని చేస్తున్నారు, నా గదికి వచ్చి చెప్పేది మాత్రం ఆ రెప్ ఒక్కడే.

భాస్కరి: దొంగ అని నేననలేదు. ఫ్రాన్సులో ‘ప్రెస్క్రీర్’ అనే పత్రిక ప్రకటనలు తీసుకోకుండా చందాలమీదే నడుస్తోంది. అలాంటివి చదవొచ్చు కదా.

డా. సుధాకర్: ఓపీ అయ్యేసరికి రాత్రి అవుతుంది. ఎప్పుడు చదవమంటారు?

లలిత: మా నాన్నగారు ఇప్పటికీ ఆ కొత్త మందే వేసుకుంటున్నారు. ఎందుకు మార్చారో ఎవరిని అడగాలి?