"అయితే" ముందు చుక్కా, తర్వాత కామానా?

రిపోర్టురాత: "అయితేకి ముందు చుక్క, కాబట్టికి..." అని ఎక్కడో విన్నాను. రెండో సగం గుర్తుకు రావడం లేదు, ఎవరైనా పూర్తి చేస్తారా? పైపులైన్ల పని మీద ఒక అధికారిక నివేదిక దిద్దుతున్నాను. రాసినవారు ప్రతి అయితే, కాబట్టి, మరోవైపు తర్వాత కామా కొట్టారు. వాక్యం మొదట్లో వచ్చే "2023లో", "సర్వే ప్రకారం" లాంటి వాటినీ వదల్లేదు. ఉంచాలా, తీసెయ్యాలా?

సంధిగొడవ: తీసెయ్యండి. హవెవర్ వెనక కామా పెట్టే అలవాటు ఇటు పాకింది, అంతే. "సర్వే ప్రకారం" అనగానే చదివేవాడు తనంతట తనే ఆగుతాడు, మళ్ళీ గుర్తెందుకు?

ఎర్రసిరా: సంధిగొడవ గారూ, అన్నీ తీసేస్తే చిక్కే. "2023లో పూర్తయిన పనులకు బిల్లులు చెల్లించారు." ఇందులో 2023 దేనికి చెందింది? పక్కనే ఉన్న "పూర్తయిన" దాన్ని లాగేసుకుంటుంది. పనులు 2023లో పూర్తయ్యాయని చదువుతాం, బిల్లులు ఎప్పుడు కట్టారో తెలియదు. "2023లో, పూర్తయిన పనులకు..." అంటే అది చెల్లింపు జరిగిన ఏడాది. లెక్కలు చూసేవాళ్ళకి ఈ రెండూ ఒకటి కావు. నన్నడిగితే ఆ కామానీ నమ్ముకోను, టైపు చేసేటప్పుడు ఎగిరిపోతుంది. "పూర్తయిన పనులకు 2023లో బిల్లులు చెల్లించారు" అని మాటనే జరుపుతాను. మొదటి మాట వెనకే "పూర్తయిన", "మంజూరైన", "చేసిన" లాంటిది కనిపిస్తే ఆగి చూడండి. లేకపోతే కామా తీసినా నష్టం లేదు.

కామాబాధితుడు: నాదీ ఇదే బాధ, కాకపోతే ఇంగ్లీషు నివేదిక. రెండు వాక్యాల మధ్య హవెవర్ వేసి అటూ ఇటూ కామాలు పెట్టాను, తప్పని తిప్పి పంపారు. నియమం ప్రకారమే పెట్టాను కదా?

ఎర్రసిరా: ఒకే వాక్యం మధ్యలో దూరితే అటూ ఇటూ కామాలు సరే. రెండు పూర్తి వాక్యాల్ని కలిపేటప్పుడు ముందు సెమీకోలనో ఫుల్‌స్టాపో ఉండాలి, తర్వాత కామా. దేర్‌ఫోర్‌కీ ముందు అంతే. దాని తర్వాత కామా విషయంలో మాత్రం కొంచెం పట్టూ విడుపూ ఉంది. "ఎంత చేసినా" అనే అర్థంలో హవెవర్ వస్తే దాని వెనకే కామా పెట్టకూడదు. ఇక్కడి ప్రశ్న తెలుగు గురించి కాబట్టి ఇంతటితో ఆపుతాను.

పద్యాలపిచ్చి: కామాలంటే వేమన దగ్గరికి వెళ్ళాల్సిందే! "విశ్వదాభిరామ వినురవేమ", ఎక్కడ ఆగుతారు? "విశ్వదాభిరామ" తర్వాత ఆగితే పిలిచేది ఇంకెవరినో. ఆగకపోతే అది వేమకే విశేషణం. విశ్వద, అభిరామ అని ఇద్దరు మనుషుల్ని చేసి కథలు చెప్పేవారూ ఉన్నారు. బ్రౌన్ 1829లో అచ్చువేయించినా ఈ తగువు తేలలేదు.

సంధిగొడవ: ఆ ఇద్దరు మనుషుల కథ నేను నమ్మను. వేమన తనను తానే పిలుచుకుంటున్నాడు.

పద్యాలపిచ్చి: కానీ శతకకారుల్లో చాలామంది మకుటంలో దేవుణ్ణో మరొకరినో పిలుస్తారు కదండీ?

రిపోర్టురాత: బాబూ, నా అయితే సంగతి?

ఎర్రసిరా: మీ నివేదికలో "పని పూర్తి", "టెండరు ఖరారు" లాంటి క్రియ లేని వాక్యాలు ఉండే ఉంటాయి. ప్రమాదం అక్కడ. "పైపులైను పని పూర్తి అయితే మీటర్లు బిగించలేదు." మొదట "పూర్తయినట్లయితే" అని చదువుతాం, చివరికొచ్చాక వెనక్కి వెళ్తాం. "పైపులైను పని పూర్తయింది. అయితే మీటర్లు బిగించలేదు." అంటే తిప్పలు లేవు. ఆ చుక్కే ముఖ్యం. అయితే తర్వాత కామా మీ ఇష్టం, నివేదికంతా ఒకేలా ఉంటే చాలు. ఫైల్లో "అయితే" అని వెతికి ఒక్కొక్కటే చూడండి. దాని చోట "కానీ" ఇమిడితే ముందు చుక్క పెట్టండి. "అయినట్లయితే" ఇమిడితే అది షరతు, ముందు చుక్క పెట్టకండి. రెండూ ఇమిడితే వాక్యమే మార్చండి.

రిపోర్టురాత: కొన్నింటికి రెండూ ఇముడుతున్నాయి. అవి తిరగరాస్తాను. మరి కాబట్టి?

సంధిగొడవ: కాబట్టి ముందు చుక్క పెడితే ఊరుకోను. అది వెనకటి మాటని పట్టుకుని ఉండేది. "టెండరు ఆలస్యమైంది కాబట్టి గడువు పెంచాలి." ఆగాలంటే కాబట్టి తర్వాతే ఆగాలి.

ఎర్రసిరా: ముందు మూడు వాక్యాల కారణాలు చెప్పి, కొత్త వాక్యం "కాబట్టి" అని మొదలుపెడతారే? అది ఏ ఒక్క మాటని పట్టుకుంది?

సంధిగొడవ: అలాంటప్పుడు "అందువల్ల" రాయండి.

ఎర్రసిరా: "అందు"లో ఉన్నది ఏ ఒక్క మాటని చూపిస్తోంది మరి?

పద్యాలపిచ్చి: "కావున" ఉండగా ఈ రెండూ ఎందుకండీ?