బనియన్ మీద చొక్కా తొడగాలి, మొహం మాత్రం మారకూడదు: మాటలో చెప్పాలా, మాస్క్ గీయాలా?

చౌరస్తా స్టూడియో, హన్మకొండ

నమస్తే అందరికీ. ఒక పని దగ్గర ఆగిపోయాను. ఒక కుటుంబం వచ్చింది, వాళ్ల నాన్న పోయి నాలుగు రోజులైంది. పెద్దకర్మ నాటికి 8×12 ఫ్రేమ్ కావాలన్నారు. ఆయన ఒంటరిగా దిగిన ఫొటో ఒక్కటి కూడా లేదు. ఉన్నది వాకిట్లో మంచం మీద కూర్చున్న పాత 4×6 ప్రింటు. ఒంటి మీద చేతుల్లేని బనియన్, కుడి భుజం మీద తువాల. 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2400×3600 వచ్చింది. తెల్ల చొక్కా వేసి, ఎడమ భుజం మీద కండువా పెట్టి ఇవ్వమంటున్నారు.

రెండు రకాలుగా చూశాను. మొదట `FLUX.1 Kontext` అనే ఏఐకి ఏం మార్చాలో ఇంగ్లిష్‌లో చెప్పాను. చొక్కా అద్భుతంగా వచ్చింది. కానీ చూపించగానే పెద్దకొడుకు "ఈయన మా బాపు కాదన్నా" అన్నాడు. పోల్చి చూస్తే ఎడమ కన్ను కింద పుట్టుమచ్చ లేదు, మీసం కొంచెం నల్లబడింది. తర్వాత బనియన్ మీద మాస్క్ గీసి ఇన్‌పెయింట్ చేశాను. మొహం అలాగే ఉంది, చొక్కా మాత్రం చేతుల్లేకుండా వచ్చింది. పదిసార్లు చేసినా అంతే. ఎక్కడ తప్పు చేస్తున్నా?

జమ్మికుంట పాస్‌పోర్ట్ ఫొటోలు

అన్నా, దీనికి ఏఐ ఎందుకు? నా దగ్గర కోట్లు, బ్లేజర్లు కట్ చేసిన ఫైళ్లు 40 ఉన్నాయి. మెడ దగ్గర అతికిస్తే రెండు నిమిషాల పని. కావాలంటే పంపిస్తా.

చౌరస్తా స్టూడియో

అన్నా, ఆయన మంచం మీద పక్కకు వాలి కూర్చున్నాడు. నిటారుగా నిలబడ్డ వాళ్ల బ్లేజర్ ఈయనకు అతకదు. పైగా ఆ పెద్దాయనకు బ్లేజర్ ఏంటన్నా.

సుబేదారి పోరడు

మాస్కే కరెక్ట్ అన్నా, అందులో డౌట్ లేదు. మాస్క్ బయట ఒక్క పిక్సెల్ కూడా కదలదు, మొహం గ్యారంటీ. మీ తప్పు సెట్టింగ్‌లో ఉంది. `Denoising strength` 0.5లో పెట్టి ఉంటారు. 1.0కి పెంచండి, చేతులు వాటంతట అవే వస్తాయి.

కాజీపేట రీటచింగ్

తమ్మీ, సగం సరిగ్గానే చెప్పావు. ఆ సెట్టింగ్ తక్కువగా ఉంటే పాత బట్ట రంగు, ఆకారం వదలవు, నిజమే. ముదురు రంగు చొక్కాను తెల్లగా మార్చబోతే 0.5 దగ్గర బూడిదరంగులో ఆగిపోతుంది. కానీ ఇక్కడ బనియన్ కూడా తెల్లదే. చేతులు రాకపోవడానికి కారణం వేరు.

స్టూడియో అన్నా, మీరు బనియన్ ఎంతవరకు ఉందో అంతవరకే మాస్క్ గీశారు కదా? భుజాలు, జబ్బలు మాస్క్ బయట ఉండిపోయాయి. బయట ఉన్నవాటిని ముట్టుకోవద్దని మీరే చెప్పినట్టు. చుట్టూ బోసి చేతులు కనబడుతుంటే లోపల నింపేవాడు చేతుల్లేని బట్టే నింపుతాడు, వేరే దారి లేదు. 1.0 పెట్టినా, పదిసార్లు కాదు వందసార్లు చేసినా అదే వస్తుంది.

మాస్క్ గీయాల్సింది పాత బట్ట ఉన్న చోట కాదు, కొత్త బట్ట రాబోయే చోట. మీ ఫొటోలో అంటే రెండు భుజాలు, మోచేతుల దాకా జబ్బలు, కాలర్ వచ్చే మెడ కింది భాగం, తువాల మొత్తం. తువాలను సగం వదిలేస్తే ఆ మిగిలిన ముక్క చొక్కాలోంచి మొలిచినట్టు ఉంటుంది.

నేను ఏ పని వచ్చినా ముందు ఇదొక్కటే చూసుకుంటా: కొత్త బట్ట పాత బట్ట గీత లోపలే ఇమిడిపోతుందా, దాటి పోతుందా? గళ్ల చొక్కాను అదే కాలర్, అదే చేతులతో తెల్లచొక్కా చేయాలంటే మాస్క్‌ను మించింది లేదు. గీత దాటేటప్పుడు బట్ట ఎక్కడిదాకా వస్తుందో మాస్క్ గీసే మనమే ముందుగా ఊహించాలి. కండువా ఎక్కడ మడత పడుతుందో, ఎంత కిందికి వేలాడుతుందో నాకేం తెలుసు? అలాంటిచోట మాటతో చెప్పడమే మేలు.

సిద్దిపేట చీరలు

అక్కా, మధ్యలో వస్తున్నా, నాది కూడా ఇదే గొడవ. మా చెల్లె లంగావోణీలో దిగిన ఫొటోకు గొల్లభామ చీర కట్టించాలని చూశా, షాపు పేజీలో పెట్టుకుందామని. మాస్క్ పెద్దగా గీస్తే చీర గుడారంలా ఉబ్బింది. గీసినంత మేరా బట్టే నింపింది. మాటతో చెబితే కట్టు బాగా కుదిరింది, కుచ్చిళ్లు కూడా వచ్చాయి. కానీ గొల్లభామ బొమ్మలు మాత్రం తల మీద కుండ ఒకచోట, మనిషి ఒకచోట!

కాజీపేట రీటచింగ్

ఉబ్బడానికి కారణం నువ్వే చెప్పావమ్మా. మాస్క్ ఆకారాన్నే అది బట్ట ఆకారం అనుకుంటుంది. చీర కట్టు లాంటివి మాటతోనే బాగా వస్తాయి.

బొమ్మల సంగతి మాత్రం రెండు దారుల్లోనూ తేలదు. చీర ఫొటో పక్కన పెట్టి ఇలాంటిదే కట్టు అన్నా, చిన్నచిన్న బుటాలు దగ్గరికి వెళ్లి చూస్తే కరిగిపోయినట్టు ఉంటాయి. అంచులో వరసల లెక్క మారిపోతుంది. అమ్మే చీరకు అది పెట్టకు. కొన్నవాళ్లు వచ్చిన చీర, ఫొటోలో చీర పక్కపక్కన పెట్టి అడుగుతారు. ఆ చీరే కట్టించి తీయించు.

సుబేదారి పోరడు

మరి మొహం మారిపోయింది కదా అక్కా మాటతో చెబితే? అందుకే మాస్క్ అన్నా నేను.

కాజీపేట రీటచింగ్

మారుతుంది. మాటతో చెప్పినప్పుడు అది బట్ట ఒక్కటే మార్చదు. ఫొటో మొత్తాన్ని చూసి, మొత్తాన్ని మళ్లీ గీస్తుంది. అదీ సుమారు ఒక మెగాపిక్సెల్ సైజులో. 2400×3600 వెళ్లి 832×1248 అయి తిరిగొస్తుంది. ఆ చిన్న సైజులో పుట్టుమచ్చ రెండు మూడు చుక్కలు. మచ్చా, ప్రింటు మీద మరకా అని దానికి తెలియదు. మొహం అలాగే ఉంచు అని రాస్తే కొంత ఆగుతుంది, పూర్తిగా ఆగదు.

అయితే నీ "ఒక్క పిక్సెల్ కదలదు" కూడా అన్నిచోట్లా నిజం కాదు. కొన్ని ప్రోగ్రాములు పని అయ్యాక మాస్క్ బయట అసలు ఫొటోను తిరిగి అతికిస్తాయి. `ComfyUI`లో మామూలు వర్క్‌ఫ్లో అలా చేయదు. మొత్తం ఫొటో కుదించుకుపోయి మళ్లీ విప్పుకుని వస్తుంది కాబట్టి కనురెప్పలు, మీసం వెంట్రుకలు కొంచెం మెత్తబడతాయి. చివర్లో `ImageCompositeMasked` పెట్టి అసలుదాన్ని పైన వేసుకోవాలి.

నమ్మకం లేకపోతే ఫొటోషాప్‌లోనో జింప్‌లోనో అసలు ఫొటో మీద కొత్తది లేయర్‌గా వేసి, మోడ్ `Difference` పెట్టు. మారని చోట కటిక నలుపు కనబడాలి. మొహం గీతలు బూడిదగా కనిపించాయంటే ఎక్కడో కదిలినట్టే.

సుబేదారి పోరడు

ఇప్పుడే చూశా. నా పాత ఫొటోల్లో అన్నిట్లోనూ మొహం కనిపిస్తోంది అక్కా 😬

చౌరస్తా స్టూడియో

అక్కా, అయితే నేను ఏం చేయాలి? మొహం అసలుది కావాలి, కండువా మాటతో వచ్చింది కావాలి.

కాజీపేట రీటచింగ్

రెండూ కలపండి. మాస్క్‌ను ముందు కాదు, చివర్లో వాడండి. మొదట మాటతో మార్చండి. ఇలా రాయండి:

```
Replace the sleeveless undershirt and the towel with a plain
white half-sleeve cotton shirt with a collar. Add a white cotton
cloth with a thin gold border, folded lengthwise, over his left
shoulder. Keep the face, pose, camera angle and framing the same.
```

కండువాకు స్కార్ఫ్ అని రాయకండి. ఉన్ని మఫ్లర్ తెచ్చి మెడకు చుడుతుంది, ఎండాకాలం వాకిట్లో. దాని పేరు కంటే అది కంటికి ఎలా కనబడుతుందో రాయడమే పనికొస్తుంది.

నాలుగైదు సార్లు చేసి, మొహం కాదు, మెడ చూసి ఎంచుకోండి. మొహం ఎలాగూ పారేస్తాం. తల వంపు, మెడ వెడల్పు, వెలుగు పడే వైపు అసలు ఫొటోలాగే ఉన్నది కావాలి.

దాన్ని 2400×3600కి పెంచండి. దాదాపు మూడింతలు సాగుతుంది, కానీ తెల్లచొక్కాకు అది పెద్దగా తెలియదు. అసలు స్కాన్ మీద దాన్ని లేయర్‌గా వేసి, 50 శాతం పలచన చేసి, రెండు కళ్లూ సరిపోతున్నాయో చూడండి. చాలాసార్లు ఫొటో కొన్ని పిక్సెళ్లు జరిగి ఉంటుంది, లేదా కొంచెం పెద్దదై ఉంటుంది. సరిచేశాక లేయర్ మాస్క్‌తో బట్ట వరకే ఉంచి మిగతాది చెరిపేయండి. 8×12 అంగుళాలకు 2400×3600 అంటే 300 డీపీఐ, మొహం పూర్తిగా అసలు స్కానే ఉంటుంది.

అతుకు చొక్కా కాలర్ అంచు మీదే వేయండి. మెడ చర్మం మధ్యలో వేస్తే రెండు రంగులు తెలిసిపోతాయి. కాలర్ వెంట గీత కనబడితే ఆ సన్నటి పట్టీ ఒక్కటే మాస్క్ చేసి, 0.3 లేదా 0.4లో ఇన్‌పెయింట్ చేయండి. అప్పుడు `Only masked` పెడితే `Only masked padding` మామూలుగా ఉండే 32లో వదలకండి, 150 దాకా పెంచండి. లేకపోతే దానికి గడ్డం కూడా కనబడదు, నీడ ఎటు పడాలో తెలియదు.

జమ్మికుంట పాస్‌పోర్ట్ ఫొటోలు

ఇంత పనికి ఎంత తీసుకుంటున్నారన్నా?

చౌరస్తా స్టూడియో (మర్నాడు)

అక్కా, అయింది. ఆరోసారికి మెడ సరిగ్గా కుదిరింది. తల కొంచెం పెద్దదై వచ్చింది, 97 శాతానికి తగ్గిస్తే కళ్లు సరిపోయాయి. `Difference`లో మొహం మొత్తం నలుపే. పెద్దకొడుక్కి వాట్సాప్‌లో పంపితే మచ్చను జూమ్ చేసి చూసుకున్నాడట, సరే అన్నాడు.

ఒక్కటి మాత్రం నచ్చలేదు. మొహానికి పాత ప్రింటు గరుకు ఉంది, చొక్కా కొత్త ఫోన్లో తీసినట్టు నున్నగా ఉంది. ప్రింటు తీస్తే ఇంకా తెలుస్తుందేమో. చొక్కాకు నాయిస్ వేయాలా, మొహానికి గరుకు తగ్గించాలా?

కాజీపేట రీటచింగ్

మొహం ముట్టుకోకండి. చొక్కాకే వేయండి. ఎంత అంటే చెప్పలేను, నేను ప్రతిసారీ చిన్న ముక్క ప్రింటు తీసే చూసుకుంటా. మానిటర్ మీద సరిపోయిందనుకున్నది కాగితం మీద ఎక్కువైపోతుంది.

సుబేదారి పోరడు

అసలు స్కాన్‌లో గోడ మీంచి గరుకు తీసి చొక్కా మీద వేస్తే?

కాజీపేట రీటచింగ్

గోడది వెలుగులో ఒకలా, నీడలో ఒకలా ఉంటుంది. ఒకసారి చేశా, మచ్చలు మచ్చలుగా వచ్చింది. నువ్వు చేసి చూసి ఇక్కడ పెట్టు.