బ్లాగు మొదలెట్టి ఆరు నెలలు దాటింది, పైసా రాలేదు, ఏం తప్పు చేస్తున్నా?

రవళి: కాస్త ఎవరైనా చూడండి, పొద్దున్నుంచి ఇదే పట్టుకుని కూర్చున్నా, బుర్ర వేడెక్కిపోయింది. నలభై దాకా పోస్టులున్నాయి, అన్నీ సొంతంగా రాసినవే, యాడ్‌సెన్స్ అప్రూవల్ కూడా వచ్చింది, అయినా గూగుల్ నుంచి రోజుకి పట్టుమని పది మంది రావట్లేదు. సెర్చ్ ఎక్కువున్న కీవర్డ్సే చూసి తీసుకున్నా మరి. ఇంకెన్నాళ్ళు పడుతుంది? వదిలేయమంటారా?

శ్రీకాంత్: దేని మీద? ఏ భాష? సెర్చ్ కన్సోల్ ఉందా?

సాయితేజ: అక్కా ఇది పక్కా కీవర్డ్ డెన్సిటీ ప్రాబ్లమ్. వంద మాటలకి రెండు సార్లైనా ఆ కీవర్డ్ పడాలి, మెటా కీవర్డ్స్ ట్యాగ్‌లో కూడా అన్నీ నింపెయ్. టైటిల్‌లో అయితే ఉండి తీరాలి.

శ్రీకాంత్: మెటా కీవర్డ్స్ ర్యాంకింగ్‌కి చూడం అని గూగుల్ 2009లోనే చెప్పేసింది. టైటిల్ మాట ఒక్కటే కరెక్టు.

భాస్కరరావు: యాడ్‌సెన్స్ అన్నారు కాబట్టి చెప్తున్నానమ్మా, పది డాలర్లు దాటగానే ఇంటికి పిన్ ఉత్తరం పంపుతారు, అడ్రస్‌లో గేటెడ్ కమ్యూనిటీ బ్లాక్ నంబరు సరిగ్గా రాయండి, నాది వేరే బ్లాక్ వాచ్‌మన్ దగ్గర నెల రోజులు పడి ఉంది.

రవళి: ఇంకా ఆ పది డాలర్లే రాలేదు అంకుల్ 😭 బ్లాగు తెలుగే, మిద్దె తోట మీద. మాది ఉప్పల్, మా మేడ మీద కుండీల్లో పెంచేవే రాస్తా. కన్సోల్ ఉంది, పెద్దగా అర్థం కాదు. మూడు నెలలది పెడుతున్నా:

```
మొక్కల పెంపకం
  impressions 210, clicks 0, position 41
karivepaku mokka aakulu pasupu
  impressions 640, clicks 11, position 13
```

సాయితేజ: 640 వ్యూస్ ఉన్నాయిగా, మరి పది మంది రావట్లేదంటావేంటి

శ్రీకాంత్: అవి వ్యూస్ కాదు. రిజల్ట్స్‌లో కనబడినవి. లోపలికొచ్చింది 11 మంది.

అనూరాధ: రవళీ, నీ జవాబు ఆ రెండో లైన్లోనే ఉంది. "మొక్కల పెంపకం" అని కొట్టినవాడికి ఏం కావాలో వాడికే తెలీదు, పైన పెద్ద సైట్లు, యూట్యూబ్ ఉంటాయి, నువ్వు 41లో ఉన్నావు, అక్కడిదాకా ఎవరొస్తారు? కరివేపాకు ఆకులు పసుపైపోతున్నాయని అడిగేవాడు మాత్రం మొక్క ముందు నిలబడి అడుగుతున్నాడు. దానికి నువ్వు 13లో ఉన్నావంటే రెండో పేజీ, కొంచెం నెడితే మొదటి పేజీ. ఆ క్వెరీ మీద క్లిక్ చేసి పేజెస్ ట్యాబ్ చూడు, ఏ పోస్టు వస్తోంది?

రవళి: "తోట చిట్కాలు 12". అందులో పన్నెండు చిట్కాలున్నాయి, కరివేపాకుది తొమ్మిదోది, నాలుగే లైన్లు 🙈

అనూరాధ: నాలుగు లైన్లకే 13 ఇచ్చాడంటే దాని మీద సరైన పేజీ లేదన్నమాట. దాన్ని బయటికి తీసి సొంత పోస్టు చెయ్యి, టైటిల్ జనం అడిగినట్టే ఉండాలి, మీ మొక్క ఫోటో పెట్టు, పాత పోస్టులోంచి లింకివ్వు. తర్వాత కన్సోల్‌లో పొజిషన్ 8 నుంచి 20 మధ్య ఉన్న క్వెరీలన్నీ ఏరు, నీ వచ్చే రెండు నెలల రాతపని అదే. ఇంకోటి, షేడ్ నెట్ గురించి ఎప్పుడు రాశావు?

రవళి: మేలో, ఎండలు మండిపోతున్నప్పుడు

అనూరాధ: అది పైకొచ్చేసరికి వానలు పడ్డాయి. ఎండాకాలం పోస్టు జనవరికల్లా ఉండాలి.

సాయితేజ: జనం ఇంగ్లీషు లిపిలో కొడుతున్నారుగా, అయితే అదే పోస్టు ఆ లిపిలో ఇంకోటి పెట్టెయ్, డబుల్ ట్రాఫిక్

అనూరాధ: ఒకే విషయానికి రెండు పేజీలైతే ఒకదానికొకటి అడ్డం తగుల్తాయి. అదే పేజీలో ఒక లైను ఆ లిపిలో రాస్తే చాలు.

సాయితేజ: నేను రెండు పెట్టా, రెండూ వస్తున్నాయి మరి

శ్రీకాంత్: దేనికి? పొజిషన్ ఎంత?

రవళి: అది వదిలేయండి, డబ్బుల సంగతి చెప్పండి ప్లీజ్

అనూరాధ: మార్పులు చేసి, ఫలితం కనబడ్డానికి మొత్తం నాలుగు నెలల నుంచి ఏడాది అని గూగుల్ వాళ్ళే అంటారు. డబ్బు దాని తర్వాతి మాట. నా తెలుగు బ్లాగుకి వెయ్యి పేజీ వ్యూలకి అర డాలర్ అటూఇటూ వస్తుంది, వంద డాలర్లు చేరితే గానీ పేమెంట్ వేయరు, అంటే రెండు లక్షల వ్యూలు. రోజుకి మూడొందల మంది వచ్చినా, ఒక్కొక్కరు ఒక్క పేజీ చూసి పోతే మొదటి పేమెంట్‌కి దాదాపు రెండేళ్ళు. అందుకే నేను యాడ్స్ మీదే ఆధారపడను, విత్తనాలు, కుండీలకి అఫిలియేట్ లింకులు పెడతా, తక్కువ మందొచ్చినా ఎంతో కొంత మిగుల్తుంది. ఉద్యోగం మాత్రం మానకు.

రవళి: రెండేళ్ళా!! సరే, ముందు కరివేపాకు పోస్టు చేస్తా. థాంక్స్ అందరికీ

భాస్కరరావు: ఇంతకీ ఆకులు పసుపు ఎందుకవుతాయమ్మా? మా బాల్కనీలోది కూడా అంతే.

రవళి: కుండీ కింద బొక్క మూసుకుపోయి నీళ్ళు నిలుస్తున్నాయేమో చూడండి అంకుల్. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపైతే ఐరన్ తక్కువ.

భాస్కరరావు: ఈనెలు పచ్చగానే ఉన్నాయి. ఫోటో ఎలా పెట్టాలి ఇందులో?